వెయిస్ట్‌కోటుకి ఆరో గుండీ

2018లో రష్యాలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరుగుతున్నప్పుడు ఇంగ్లండ్ జట్టు మేనేజరు గారెత్ సౌత్‌గేట్ మైదానం పక్కన కోటు విప్పేసి, వెయిస్ట్‌కోటుతో నిలబడేవాడు. జట్టు గెలుస్తూ పోయేకొద్దీ ఆ వెయిస్ట్‌కోటుకి కూడా అభిమానులు తయారయ్యారు. జులై 11న, బుధవారం నాడు, క్రొయేషియాతో సెమీఫైనల్ రోజున ఆఫీసులకు సైతం వెయిస్ట్‌కోటు వేసుకుని వెళ్లాలని ఇంగ్లండులో పెద్ద సందడే నడిచింది. ఆ ఆటలో ఇంగ్లండ్ ఓడింది. జట్టుకి సూట్లు ఇచ్చిన మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాల్లో మాత్రం వెయిస్ట్‌కోట్ల గిరాకీ బాగా పెరిగింది.

మామూలుగా వెయిస్ట్‌కోటు బయటికి కనబడేది చాలా తక్కువ. కోటు కింద, టైకి రెండు వైపులా, ఓ చిన్న ముక్క. మిగతాదంతా కోటు కప్పేస్తుంది. దాని వీపు, భుజాలు, అడుగు అంచు ఎలా కుదిరాయో కోటు విప్పినప్పుడే తెలుస్తుంది. మన దగ్గర ఆ పరీక్ష రిసెప్షన్ వేదిక మీద జరుగుతుంది. హైదరాబాదైనా, రాజమండ్రి అయినా, పెళ్లి తంతులో పట్టుపంచె కట్టిన వరుడు సాయంత్రం రిసెప్షనుకి త్రీ పీస్ సూటులోకి మారడం ఇప్పుడు మామూలైపోయింది. అక్షింతలు వేసేవాళ్లకు దండం పెట్టడానికి వంగి లేచేసరికి, ఫొటో కోసం చెయ్యెత్తేసరికి, వెయిస్ట్‌కోటు అడుగున తెల్లచొక్కా త్రికోణంలా బయటపడుతుంది. దాని కింద బెల్టు బకిల్ మెరుస్తుంటుంది. పొట్ట మీద అడ్డంగా ముడతలు. వెనక పట్టీ బిగించి లాగిన చోట బట్ట కుచ్చులు కుచ్చులుగా పోగవుతుంది.

ఈ మూడూ విడివిడి లోపాల్లా కనిపిస్తాయి గానీ వాటి మూలం ఒక్కటే: నడుము ఎక్కడుందో వెయిస్ట్‌కోటు ఒకటి అనుకుంటుంది, ప్యాంటు ఇంకొకటి అనుకుంటుంది. ఆ సంగతికి వెళ్లే ముందు, అందరూ మొదట అడిగే చివరి గుండీ కథ చెప్పుకోవాలి.

వెయిస్ట్‌కోటు పుట్టిన రోజు ఇంచుమించు తేదీతో సహా తెలుసు. ఇంత కచ్చితంగా పుట్టుక తెలిసిన బట్టలు అరుదు. 1666 సెప్టెంబరులో లండన్ నగరం మంటల్లో కాలిపోయింది. మరుసటి నెలలోనే రాజు రెండో చార్లెస్ ఇకనుంచి ఆస్థానంలో కొత్త తరహా దుస్తులు ఉంటాయని, వాటిని తాను మార్చబోనని సభలో ప్రకటించాడు. ఆ సంగతి శామ్యూల్ పెపిస్ అనే ఉద్యోగి అక్టోబరు 8న తన డైరీలో రాసుకున్నాడు. ప్రభువులకు పొదుపు నేర్పడమే రాజు ఉద్దేశమని కూడా రాశాడు. వారం గడిచాక రాజు దాన్ని తొడుక్కున్నాడు: ఒంటికి అంటుకున్నట్టుండే పొడవాటి నల్లని అంగీ, దాని చీలికల్లోంచి కనబడే తెల్లని పట్టు, పైన కోటు. మరి రెండ్రోజులకే, ఆ నలుపు తెలుపుల్లో అందరూ మ్యాగ్‌పై పిట్టల్లా ఉన్నారని రాజుకే అనిపించి, సాదా వెల్వెట్‌కి మారాడు. మార్చనన్న మాట అంతవరకే నిలిచింది.

అప్పటి అంగీ మోకాలి దాకా వచ్చేది. తర్వాతి నూరేళ్లలో అంచెలంచెలుగా పైకి పాకి, పద్దెనిమిదో శతాబ్దం ముగిసేసరికి నడుము దగ్గర ఆగింది. పొడవుగా ఉన్న రోజుల్లో కింది గుండీలు పెట్టుకుంటే నడవడమూ గుర్రమెక్కడమూ కష్టం. కాబట్టి చాలామంది వాటిని వదిలేసేవారు. పైన కొన్ని గుండీలు విప్పి చెయ్యి లోపలికి దోపుకోవడం కూడా పెద్దమనిషి తీరు కిందే లెక్క. నెపోలియన్ చిత్రాల్లో అందరికీ గుర్తుండే భంగిమ అదే. అంటే వెయిస్ట్‌కోటు గుండీలన్నీ పెట్టుకోవాలన్న నియమం ఎప్పుడూ అంత గట్టిది కాదు.

అయినా లోకంలో చెలామణీ అయ్యే కథ వేరు. విక్టోరియా రాణి కొడుకు ఏడో ఎడ్వర్డు మంచి భోజనప్రియుడు. యువరాజుగా ఉన్నప్పుడే వెనకాల ‘టమ్ టమ్’ అని పిలిచేంత పొట్ట ఉండేది. చివరి గుండీ పట్టక వదిలేశాడనీ, రాజుగారిని చూసి ఆస్థానమంతా వదిలేసిందనీ, అదే ఆచారమైపోయిందనీ కథ. మరచిపోయి వదిలేశాడన్న పాఠాంతరం కూడా ఉంది. బట్టల విషయంలో ఎడ్వర్డు ఏం చేస్తే జనం అది చేసిన మాట నిజమే. హోంబర్గ్ టోపీని జనంలోకి తెచ్చింది ఆయనే. కానీ గుండీ సంగతి ఆయన పొట్టతో మొదలైందనడానికి గట్టి సాక్ష్యం లేదు. కథ బాగుంది కాబట్టి నిలిచింది. లండన్‌లోని శావిల్ రో వీధిలో బట్ట కత్తిరించే మాస్టరుకు ఈ కథతో పనే లేదు. ఆ గుండీని ఎందుకు పెట్టకూడదో ఆయన కత్తిరించిన తీరులోనే ఉంది.

ఒక వరస గుండీల వెయిస్ట్‌కోటుకి సాధారణంగా ఆరు గుండీలుంటాయి. పైనుంచి ఐదో గుండీ దాకా ముందు అంచులు రెండూ నిట్టనిలువుగా, ఒకదాని మీద ఒకటి పడేలా కత్తిరిస్తారు. ఐదో గుండీ దాటగానే అంచు దారి మారుతుంది. రెండు వైపులా బయటికి వంగుతూ కిందికి దిగి, చెరో మొనగా ముగుస్తుంది. ఆ రెండు మొనల మధ్య తలకిందులుగా పెట్టిన ‘వి’ ఆకారం ఏర్పడుతుంది. ఆరో గుండీ ఆ వంపులో ఉంటుంది. దానికి ఎదురుగా ఉన్న కాజా అప్పటికే పక్కకు జరిగిపోయి ఉంటుంది. బలవంతంగా తెచ్చి పెడితే విడిపోవాల్సిన అంచుల్ని దగ్గరికి లాగినట్టవుతుంది. అక్కడి నుంచి తుంటి వైపు అడ్డంగా ముడతలు పుడతాయి, మొనలు ఒకదానిమీదికి ఒకటి ఎక్కుతాయి. కూర్చున్నప్పుడు ఆ లాగుడు మొత్తం ఒక్క గుండీ దారం మీద పడుతుంది.

కొన్ని రెడీమేడ్ సూట్లలో ఈ వంపు పెట్టరు. ఆరో గుండీ దాకా అంచు నిటారుగానే పోతుంది. అలాంటిదాంట్లో చివరి గుండీ పెట్టినా ముడత రాదు. వదిలేస్తేనేమో, విడిపోవడానికి కత్తిరించని అంచులు కాబట్టి మూలలు వేలాడుతూ అజాగ్రత్తగా కనిపిస్తాయి. కాబట్టి కొనేటప్పుడు చేయాల్సిన పని ఒకటే. ఐదు గుండీలు పెట్టి అద్దం ముందు నిలబడితే, ఆరో గుండీ దగ్గర అంచులు వాటంతట అవే విడిపోతున్నాయా అని చూడటం.

అందుకే ఈ నియమం అన్ని వెయిస్ట్‌కోట్లకూ వర్తించదు. తోక కోటుతో వేసుకునే తెల్లని సాయంకాలపు వెయిస్ట్‌కోటుకి మూడో నాలుగో గుండీలుంటాయి, అన్నీ పెట్టుకోవాల్సిందే. రెండు వరసల గుండీలుండి, అడుగు అంచు అడ్డంగా సమంగా ఉన్నదానికి కూడా వదిలేయడానికి అంచు విడిపోయే చోటే లేదు.

ఇక వీపు. ముందు భాగం సూటు బట్టతోనే కుట్టి, వెనకంతా నున్నని లైనింగు బట్ట వేయడం చూసి, టైలరు బట్ట మిగుల్చుకున్నాడని అనుకునేవాళ్లున్నారు. మొదట్లో పొదుపు మాట నిజమే. పద్దెనిమిదో శతాబ్దపు వెయిస్ట్‌కోట్లకు ముందు వైపు పట్టు మీద జరీ పూలు, వెనక మాత్రం సాదా నార బట్ట. కోటు విప్పడం మర్యాద కాని రోజులు కాబట్టి ఆ వీపు ఎవరికీ కనబడేది కాదు. ఈనాడు మాత్రం కారణం పొదుపు కాదు, కోటు కదలిక. ఉన్ని మీద ఉన్ని రాసుకుంటే పట్టేస్తుంది. చెయ్యి ముందుకు చాపినప్పుడు కోటు వీపు జారాలి, చెయ్యి దించగానే మళ్లీ తన చోటికి రావాలి. లైనింగు నునుపుగా ఉంటేనే అది జరుగుతుంది. పైగా ఒక మందపాటి పొర తగ్గుతుంది కాబట్టి వీపు మీద కోటు ఉబ్బకుండా కూర్చుంటుంది. వేడీ కొంచెం తగ్గుతుంది.

ఆ వేడి విషయంలో మనవాళ్లు చూడాల్సినది లైనింగు దేనితో చేశారన్నది. చవక సూట్లలో పాలిస్టరు వేస్తారు. అది చెమటని పీల్చదు. ఏప్రిల్, మే ముహూర్తాల్లో, లైట్ల వేడిలో, రెండు గంటలు నిలబడే మనిషి వీపుకి అది చొక్కాను తడిపి అతికించేస్తుంది. విస్కోస్ అయితే నయం. అంతకంటే మేలైనది క్యూప్రో. పత్తి గింజలకు అంటుకుని మిగిలే పొట్టి నూగు నుంచి తీసే దారంతో దాన్ని నేస్తారు. జపాను కంపెనీ అసాహి కాసేయి చేసే ‘బెంబర్గ్’ ఈ రకమే. రెండూ చెమటను పీలుస్తాయి, రెండూ నున్నగానే జారుతాయి. ఒక వెయిస్ట్‌కోటు వీపుకి పట్టే బట్ట కొద్దే కాబట్టి, సూటు మొత్తం ఖర్చులో దీనివల్ల పెరిగేది పెద్దగా ఉండదు. సూటు బట్ట ఎంచుకోవడానికి గంట కూర్చున్నవాళ్లు కూడా ఈ ఒక్క ప్రశ్న అడగకుండా లేచి వచ్చేస్తారు.

కోటు లేకుండా వెయిస్ట్‌కోటు ఒక్కటే వేసుకోవాలనుకునేవాళ్ల లెక్క వేరు. అక్కడ జారాల్సిన కోటే లేదు. వీపు కూడా లోకానికి కనబడుతుంది. అలాంటప్పుడు వెనక కూడా ముందు బట్టే వేయమనడం సబబు. ఇంగ్లండు పల్లెల్లో వాడే ట్వీడ్ వెయిస్ట్‌కోట్లు కొన్ని అలాగే ఉంటాయి. ఇక రెండో కొసన, వీపే లేని వెయిస్ట్‌కోటు ఉంది: తెల్లని సాయంకాలపు వెయిస్ట్‌కోటుని మెడ చుట్టూ ఒక పట్టీతో, నడుము వెనక ఒక పట్టీతో నిలబెట్టేస్తారు. తోక కోటు విప్పే పని లేదు కాబట్టి నృత్యాల వేడిలో అది హాయిగా ఉండేది.

వీపు మీద నడుము దగ్గర చిన్న పట్టీ, బకిలు ఉంటాయి. సైజు పెద్దదైన వెయిస్ట్‌కోటుని ఒంటికి తెచ్చే పరికరం అది అని చాలామంది నమ్మకం. దాని పని అంతకంటే చిన్నది. పొద్దున్నుంచి రాత్రికి, ఈ ఏటి నుంచి వచ్చే ఏటికి, నడుములో వచ్చే అరంగుళం ముప్పావంగుళం తేడాను సర్దడానికే దాన్ని పెట్టారు. వీపు మధ్య కుట్టులోనూ డార్టుల్లోనూ నడుము ఆకారం సరిగ్గా తీసి ఉంటే పట్టీ ఊరికే ఆనుకుని ఉంటుంది. రెండంగుళాలు లాగాల్సి వస్తే, లాగిన బట్ట ఎక్కడికీ పోదు, పట్టీ పైనా కిందా మడతలై నిలుస్తుంది. పైగా పక్క కుట్లు వెనక్కి జరిగి, ముందు మెడ దగ్గరి ‘వి’ ఛాతీ నుంచి లేచి నోరు తెరుస్తుంది. అలాంటి వెయిస్ట్‌కోటుని పట్టీతో కాదు, పక్క కుట్లు విప్పించి సరిచేయాలి.

కూర్చోవడం గురించి మాట్లాడాలంటే పైనుంచి మొదలుపెట్టడం మేలు. మెడ వెనక వెయిస్ట్‌కోటు అంచు చొక్కా కాలరుకి ఆనుకుని ఉండాలి. అక్కడ వేలు పట్టేంత సందు ఉందంటే వీపు పొడవు తప్పైనా అయి ఉండాలి, భుజం వాలు తప్పైనా అయి ఉండాలి. భుజం మీది ముక్క కోటు భుజం కంటే బాగా సన్నగా ఉండాలి, లేకపోతే దాని అంచు కోటు కింద గట్టులా తేలుతుంది. ముందు ‘వి’ ఎంత కిందికి దిగాలన్నది కోటు మీద ఆధారపడుతుంది. కోటు గుండీ పెట్టుకున్నా, ఆ గుండీకి పైన వెయిస్ట్‌కోటు కొంచెం కనబడాలి. అసలే కనబడకపోతే మూడో బట్ట కుట్టించిన సంగతి ఎవరికీ తెలియదు. ఛాతీ, నడుము కొలతలు పలుచని చొక్కా మీద తీయాలి. గుండీలన్నీ పెట్టాక బట్ట కింద రెండు వేళ్లు దూరితే చాలు. గుప్పెడు దూరితే వదులు, గుండీల మధ్య చొక్కా తొంగి చూస్తే బిగువు.

అసలు చిక్కు అడుగున వస్తుంది. వెయిస్ట్‌కోటు పుట్టి పెరిగిన కాలమంతా ప్యాంటు బొడ్డు దగ్గర కూర్చునేది. ఐదో గుండీ నడుము పట్టీ దగ్గర పడుతుంది, మొనలు పట్టీని కప్పుతాయి, కథ ముగిసింది. ఇప్పుడు ప్యాంటు తుంటి మీదికి జారింది. వెయిస్ట్‌కోటు మాత్రం పాత చోటనే ఉంది.

ఒక వరుణ్ని తీసుకుని లెక్క చూద్దాం. ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు, పొట్ట లేదు. జీన్సుకి అలవాటుపడ్డవాడు కాబట్టి ప్యాంటు కూడా అక్కడే కావాలన్నాడు: నడుము పట్టీ పై అంచు బొడ్డుకి మూడంగుళాల కింద. కాళ్ల నడిమి కుట్టు నుంచి పట్టీ పై దాకా ముందు కొలత తొమ్మిదంగుళాల చిల్లర. వెయిస్ట్‌కోటు మామూలు పద్ధతిలో కత్తిరించారు. ఐదో గుండీ బొడ్డుకి అంగుళం కింద, పక్కల అంచు రెండంగుళాల కింద పడ్డాయి. నిటారుగా నిలబడ్డప్పుడే పక్కల ఒక అంగుళం చొక్కా కనబడుతోంది. చెయ్యెత్తితే వెయిస్ట్‌కోటు ఇంకా పైకి పోతుంది, ప్యాంటు అక్కడే ఉంటుంది. అంగుళం కాస్తా మూడు అవుతుంది.

ట్రయల్‌లో ఇది చూసి ఎక్కువమంది అడిగేది వెయిస్ట్‌కోటు పొడవు పెంచమని. మూడంగుళాలు పెంచితే నిలబడ్డప్పుడు సందు పూడుతుంది, నిజమే. కానీ ఐదో గుండీ కూడా దాంతోపాటు కిందికి దిగి, ఒళ్లు మడతపడే చోటుకి చేరుతుంది. మనిషి కూర్చోగానే తొడలు దాన్ని పైకి నెడతాయి. ముందు భాగమంతా ఉబ్బి, గడ్డం వైపు ఎగదన్నుతుంది. నిలబడి చూసినా మొండెం పొడవై కాళ్లు పొట్టివైనట్టు ఉంటుంది. కొత్త తప్పు తెచ్చుకోవడమే తప్ప పాతది పోలేదు.

పెంచాల్సింది ప్యాంటుని. తొమ్మిదంగుళాల చిల్లర ఉన్న కొలతని పన్నెండు దగ్గరికి తెస్తే నడుము పట్టీ బొడ్డు దగ్గరికి చేరుతుంది. ముందు అనుకున్న వెయిస్ట్‌కోటే, ఏ మార్పూ లేకుండా, దాన్ని రెండంగుళాలు కప్పుతుంది. చెయ్యెత్తినప్పుడు ఆ రెండంగుళాలే కాపాడతాయి. ప్యాంటుకి బెల్టు లూపులు వద్దని చెప్పాలి. బకిలు వెయిస్ట్‌కోటు కింద బొడిపెలా తేలుతుంది. దానికి బదులు పక్కల బిగించుకునే చిన్న పట్టీలు చాలు. ఇంకా మేలు సస్పెండర్లు. ప్యాంటు భుజాల నుంచి వేలాడుతుంది కాబట్టి రోజంతా కిందికి జారదు, వెయిస్ట్‌కోటు కింద అవి కనబడవు కూడా. పొట్ట ఉన్నవాళ్లకు ఇది మరీ అవసరం. బెల్టు పొట్ట కిందికి జారిపోతుంది, సస్పెండర్లు జారనివ్వవు.

ఇవన్నీ చెబితే బొడ్డు మీద ప్యాంటు తాతల కాలం నాటిదని వరుడు ముఖం చిట్లిస్తాడు. కానీ ఆ పట్టీ ఎవరికీ కనబడదు, వెయిస్ట్‌కోటు కప్పేస్తుంది. తుంటి ప్యాంటే కావాలని పట్టుబడితే, నిజాయితీగల టైలరు ఇవ్వాల్సిన సలహా వెయిస్ట్‌కోటు మానేసి టూ పీస్‌తో సరిపెట్టుకోమని.

జేబుల గురించి రెండు ముక్కలు. కింద రెండు తప్పనిసరి, పైన మరో రెండు కొందరు పెట్టిస్తారు. ఇవి గొలుసు గడియారం కోసం పుట్టినవి. గొలుసు ఒక కొసని కాజాలో తగిలించి, రెండో కొసన గడియారాన్ని జేబులో వేసుకునేవారు. 1888లో లండన్ చేరిన పద్దెనిమిదేళ్ల మోహన్‌దాస్ గాంధీ బాండ్ స్ట్రీట్‌లో పది పౌండ్లు పెట్టి సాయంకాలపు సూటు కుట్టించుకుని, బంగారపు జంట గొలుసు పంపమని అన్నగారికి రాసినట్టు ఆత్మకథలో తనే చెప్పుకున్నాడు. ఇప్పుడా జేబుల్లో ఫోన్ పెడితే వెయిస్ట్‌కోటు ఒక పక్కకు ఒరిగిపోతుంది, అంతకుముందు చెప్పుకున్న కొలతలన్నీ వృథా.

రెడీమేడ్ కొనేవారికి, అద్దెకి తెచ్చుకునేవారికి తెలియాల్సింది ఏది దిద్దగలం, ఏది దిద్దలేం అన్నది. పక్క కుట్లు, వీపు మధ్య కుట్టు లోపలికి తీయడం ఏ టైలరైనా చేస్తాడు. వదులు చేయడం మాత్రం కుట్టు లోపల ఎంత బట్ట వదిలారన్నదాన్ని బట్టి ఉంటుంది. చవక సూట్లలో అది దాదాపు ఉండదు. గుండీ కొంచెం జరపొచ్చు, కాజా జరపలేం. పొడవు పెంచలేం. చంక దగ్గర లోతుగా కత్తిరించేసిన బట్టని తిరిగి తేలేం. అందుకే ట్రయల్ గదిలో వేసుకోబోయే ప్యాంటుతోనే వెయిస్ట్‌కోటు తొడిగి, ఐదు గుండీలు పెట్టి, ఒకసారి రెండు చేతులూ పైకెత్తి, ఒకసారి కుర్చీలో కూర్చుని చూడాలి. చొక్కా బయటపడినా, ఐదో గుండీ పొట్టలోకి గుచ్చుకున్నా, ఆ జత వదిలేసి ఇంకోటి అడగడమే.